‘ఇమీడియట్ జాయినర్’ కోసం పది నెలలు

కేపీహెచ్‌బీలోనో అమీర్‌పేటలోనో రూమ్ కోసం తిరిగినవాళ్లకి టు-లెట్ బోర్డుల సంగతి బాగా తెలుసు. బోర్డు మీద నంబరుకి ఫోన్ చేస్తే చాలాసార్లు మూడు జవాబుల్లో ఒకటి వస్తుంది. “అయ్యో, ఎప్పుడో ఇచ్చేశాం బాబూ, బోర్డు తియ్యడం మర్చిపోయాం.” లేదా, “ఇప్పుడైతే ఖాళీ లేదు, పైవాళ్లు వెళ్తే చెప్తాం, నీ నంబర్ ఇచ్చి ఉంచు.” లేదా, “మా చుట్టాలబ్బాయికి మాటిచ్చేశాం, ఊరికే బోర్డు ఉంది.” మూడు సందర్భాల్లోనూ బోర్డు ఉంది, ఇల్లు లేదు.

ఆఫ్-క్యాంపస్ ఉద్యోగాల పోస్టింగుల్లోనూ ఇవే మూడు రకాలు ఉన్నాయి. వీటినే ఇప్పుడు ఘోస్ట్ పోస్టింగులు అంటున్నారు. తేడా ఒక్కటే. ఇంటి ఓనరు కనీసం ఫోనెత్తి సంగతి చెప్తాడు. పోస్టింగ్ వెనక ఫోనెత్తేవాళ్లు ఎవరూ ఉండరు. నెలల తరబడి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని మనం మన మీద తీర్పు అనుకుంటాం. ఈ వ్యాసంలో నా గొడవ దాని గురించే.

ముందు ఒక మాట స్పష్టం చేసుకుందాం. డబ్బు కట్టమనే దొంగ కన్సల్టెన్సీల గురించి కాదు నేను చెప్పేది. అవి మోసాలు, వాటి గురించి సీనియర్లు ఎప్పుడూ హెచ్చరిస్తూనే ఉంటారు. ఘోస్ట్ పోస్టింగులో కంపెనీ నిజం, ఆఫీసు నిజం, కెరీర్ పేజీ నిజం. ఆ పేజీలో కనిపించే ఆ ఒక్క సీటు మాత్రమే నిజం కాదు. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

అసలు ఇది ఎలా పుడుతుందో తెలిస్తే సగం అర్థమైపోతుంది. కంపెనీలో ఒక టీమ్ మేనేజరుకి మనిషి కావాలి. ఆయన అడుగుతాడు, ఫైనాన్స్ వాళ్లు బడ్జెట్ చూసి ఒప్పుకుంటారు, అప్పుడు ఒక నంబరు పుడుతుంది. దాన్నే రిక్విజిషన్ అంటారు. సీటు అంటే నిజానికి ఆ నంబరే. మనకి కనిపించే పోస్టింగ్ ఆ నంబరుకి తగిలించిన బోర్డు మాత్రమే. సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండూ వేర్వేరు వస్తువులు. బడ్జెట్ ఆగిపోతే రిక్విజిషన్‌ని ‘హోల్డ్’లో పెడతారు. బోర్డు మాత్రం దానంతటది దిగిపోవాలని లేదు, చాలాచోట్ల ఎవరో ఒకరు వెళ్లి తియ్యాలి. ఆ ఎవరో రాజీనామా చేసి వెళ్లిపోతే బోర్డు అలాగే వేలాడుతుంది. ఇది మర్చిపోయిన బోర్డు.

రెండోది నంబర్ తీసి ఉంచుకునే రకం. ఇప్పుడు సీటు లేదు, కానీ వచ్చే క్వార్టర్‌లో వస్తే చేతిలో రెజ్యూమేల కుప్ప ఉండాలని తెరిచి పెడతారు. మూడోది చుట్టాలబ్బాయి రకం. ఇంటర్న్‌నే పర్మనెంట్ చెయ్యాలనో, వేరే టీమ్ నుంచి ఒకరిని తెచ్చుకోవాలనో ముందే అనుకుంటారు. కానీ బయట ప్రకటించాలని కంపెనీ రూల్ ఉంటుంది కాబట్టి ప్రకటిస్తారు.

ఇక అసలు ప్రశ్న. చాలా రోజులుగా తెరిచి ఉన్న ప్రతి పోస్టింగూ ఘోస్టేనా? కాదు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న అనలాగ్ డిజైన్ ఇంజనీరు కావాలంటే నిజంగానే నెలల తరబడి దొరక్కపోవచ్చు. పెద్ద సర్వీస్ కంపెనీ ఏడాది పొడుగునా బ్యాచులు బ్యాచులుగా తీసుకుంటుంటే ఒకే పోస్టింగ్ ఏడాదంతా ఉండడం న్యాయమే. కాబట్టి ‘ఎన్నాళ్ల నుంచి ఉంది’ అన్నదొక్కటే అడిగితే సరిపోదు. దొరక్క తెరిచి ఉందా, వెతక్క తెరిచి ఉందా అన్నది అడగాలి. హైదరాబాద్‌లో ఒక ఫ్రెషర్ జావా ఉద్యోగం, ఒకటో రెండో సీట్లు, పది నెలలుగా మనిషి దొరకలేదంటే నమ్ముతామా? మన కాలేజీ ఒక్క బ్రాంచిలోంచే అర్హులు పదిమంది వరసలో ఉంటారు.

ఒక కేసు పూర్తిగా చెప్తాను. మా సీనియర్ అన్న ఒకరు, 2025 బ్యాచ్, ఈసీఈ. కిందటేడు జూలైలో లింక్డ్‌ఇన్‌లో ఒక పోస్టింగ్ చూశాడు. హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి ప్రోడక్ట్ కంపెనీ, ట్రైనీ ఇంజనీర్, 2024, 2025 బ్యాచ్‌ల వాళ్లు అర్హులు, `Immediate joiners only` అని బోల్డ్‌లో ఉంది. పైన `Reposted 1 week ago` అని, పక్కన `Over 100 people clicked apply` అని ఉంది. అన్న కంపెనీ పోర్టల్‌లో అకౌంట్ తెరిచి, రెజ్యూమే అప్‌లోడ్ చేసి, అందులో ఉన్నదంతా మళ్లీ బాక్సుల్లో టైప్ చేసి, కవర్ లెటర్ రాసి పంపాడు. గంట పట్టింది. అక్టోబర్‌లోపు వాళ్ల బ్యాచ్‌వాళ్లు ఇంకో నలుగురు అదే దానికి అప్లై చేశారు. ఐదుగురిలో ఎవరికీ టెస్ట్ లింక్ రాలేదు, రిజెక్షన్ మెయిల్ కూడా రాలేదు. పోర్టల్‌లో అందరికీ ఒకటే మాట: `Under Review`.

ఈ ఫిబ్రవరిలో ఆ పోస్టింగ్ మళ్లీ పైకి వచ్చింది, ఈసారి `Reposted 3 days ago` అని. అన్న మళ్లీ అప్లై చేద్దామని కూర్చున్నాడు. “ఒక్క పది నిమిషాలు ఆగన్నా, ముందు బోర్డు వెనక ఇల్లుందో లేదో చూద్దాం” అన్నాను. ఇద్దరం ఒక్కొక్కటే తెరిచాం.

మొదట రిక్విజిషన్ నంబరు. కెరీర్ పేజీలో ఉద్యోగం పేరు దగ్గరలో, లేదా లింకు చివర్లో సాధారణంగా ఉంటుంది. అప్లై చేసినప్పుడు వచ్చే మెయిల్‌లోనూ చాలాసార్లు ఉంటుంది. జూలై మెయిల్‌లో ఉన్న నంబరు, ఫిబ్రవరి పేజీలో ఉన్న నంబరు ఒకటే. అంటే మూడు రోజుల కిందట కొత్త సీటేమీ పుట్టలేదు, పాత బోర్డునే తుడిచి మళ్లీ కట్టారు. `Reposted` అన్న మాట పోస్టింగ్ వయసు చెప్పదు, దాన్ని మళ్లీ ఎప్పుడు పైకి తోశారో చెప్తుంది, అంతే. అలాగే `clicked apply` అంటే బటన్ నొక్కినవాళ్ల లెక్క. ఫారం పూర్తి చేసినవాళ్ల లెక్క కాదు, ఎవరైనా చదివారన్న హామీ అసలే కాదు.

తర్వాత తేదీ. గూగుల్ సెర్చ్‌లో ఉద్యోగాలు కనిపించాలంటే కెరీర్ పేజీలు తమ కోడ్‌లో కొన్ని వివరాలు ఒక పద్ధతిలో రాయాలి. అవి కంటికి కనపడవు గానీ దాచినవీ కావు. ల్యాప్‌టాప్‌లో ఆ పేజీ తెరిచి `Ctrl+U` కొట్టి, `datePosted` అని వెతికితే చాలు. మాకు కనిపించింది ఇది:

```json
"@type": "JobPosting",
"datePosted": "2025-04-14",
"validThrough": "2026-04-14"
```

పోస్టింగ్ పుట్టింది ఏప్రిల్ 14న. అన్న చూసేసరికే దానికి మూడు నెలలు, మేం వెతికేసరికి పది నెలలు. ముగింపు తేదీ సరిగ్గా ఏడాది తర్వాత ఉంది. ఎవరో ఆలోచించి పెట్టిన గడువులా లేదు, సిస్టం తనంతట తాను వేసుకున్న ఏడాదిలా ఉంది. ‘వెంటనే చేరేవాళ్లు మాత్రమే’ అన్న ప్రకటన పది నెలలుగా వెంటనే చేరేవాళ్ల కోసం ఎదురుచూస్తోంది. ఆ రెండు లైన్లూ పక్కపక్కన పెట్టి చూసి అన్న మొదటిసారి నవ్వాడు.

అన్ని పేజీల్లోనూ ఇది దొరకదు. కెరీర్ లింకు `jobs.lever.co` తో మొదలైతే ఇంకో దారి ఉంది. కింది అడ్రస్‌లో కంపెనీ పేరు పెట్టి బ్రౌజర్‌లో తెరిస్తే వాళ్ల పోస్టింగులన్నీ వస్తాయి. లాగిన్ అక్కర్లేదు, అది అందరికీ తెరిచిపెట్టిందే.

```
https://api.lever.co/v0/postings/COMPANY?mode=json
```

అందులో `createdAt` అని 13 అంకెల సంఖ్య ఉంటుంది. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన మిల్లీసెకన్లు అవి. తేదీలోకి మార్చడం మన క్లాసులో ఎవరికైనా వచ్చు.

అయితే తేదీని గుడ్డిగా నమ్మకండి. కొన్ని సైట్లు `datePosted` లో రోజూ ఆ రోజు తేదీనే వేసేస్తాయి. మర్నాడు మళ్లీ తెరిచి చూడండి. తేదీ ఒకరోజు ముందుకి జరిగితే ఆ సైటు తేదీకి విలువ లేదు. అప్పుడు `web.archive.org` లో ఆ లింకు పెట్టి, పాత కాపీ ఏదైనా ఉందేమో చూడొచ్చు. దొరికితే అదృష్టం, దొరక్కపోతే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం.

మూడోది పోస్టింగ్‌లో రాసిన మాటలే. మన ఫ్రెషర్ పోస్టింగులకి ఒక సౌకర్యం ఉంది, వాటిలో బ్యాచ్ సంవత్సరం ఉంటుంది. 2026 ఫిబ్రవరిలో ఎవరైనా నిజంగా ఫ్రెషర్లని వెతుకుతుంటే 2026 బ్యాచ్‌ని కలుపుతారు, లేదా కనీసం 2024ని తీసేస్తారు. పది నెలల్లో ఆ పేజీలో ఒక్క అక్షరం మారలేదు. ఎవరో చూస్తున్న ప్రకటన మారుతూ ఉంటుంది. ఒక స్కిల్ తీసేస్తారు, ప్యాకేజీ రేంజ్ సవరిస్తారు, ఇంటర్వ్యూల్లో ఏం తక్కువైందో దాన్నిబట్టి ఒక లైను కలుపుతారు. మారకపోవడమంటే ఎవరూ చూడట్లేదని అర్థం.

నాలుగోది మనుషులు. లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీ పేజీలో `People` ట్యాబ్ తెరిచి, హైదరాబాద్ అని పెట్టి, ఆ ట్రైనీ హోదా పేరుతో వెతికాం. మనుషులున్నారు, కానీ మాకు కనిపించినవాళ్లలో 2025 జూన్ తర్వాత చేరినవాళ్లు ఒక్కరూ లేరు. ఇది పక్కా రుజువు కాదు, అందరూ ప్రొఫైల్ అప్‌డేట్ చెయ్యరు. కానీ కంపెనీ నిజంగా ఆ హోదాలో మనుషుల్ని తీసుకుంటూ ఉంటే కొత్త ఉద్యోగం దొరికిన ఫ్రెషర్ ప్రపంచానికి చెప్పకుండా ఉంటాడా! ఒకవేళ అక్కడ గత మూడు నెలల్లో చేరిన నలుగురు కనపడి ఉంటే, పోస్టింగ్ ఎంత పాతదైనా నేను అన్నని అప్లై చెయ్యమనే చెప్పేవాణ్ని.

చివరికి ఒక మనిషిని అడిగాం. మన కాలేజీ పాత బ్యాచ్ అక్క ఒకరు ఆ కంపెనీలోనే వేరే టీమ్‌లో ఉంది. “అక్కా, రిఫరల్ ఇప్పిస్తావా” అని అడగలేదు. నంబరు పంపి, “ఈ రిక్విజిషన్ ఇంకా తెరిచి ఉందా, హోల్డ్‌లో ఉందా, వీలైతే కనుక్కుని చెప్పగలవా” అని అడిగాం. రిఫరల్ అడిగితే మొహమాటానికి ఇచ్చేస్తారు, అది కూడా అదే కుప్పలో పడుతుంది. ఈ ప్రశ్నకైతే అవును, కాదు అన్న జవాబు వస్తుంది. రెండు రోజులకి అక్క చెప్పింది. మొదట రెండు సీట్లు. ఒకటి అక్కడే పనిచేస్తున్న ఇంటర్న్‌కి ఇచ్చారు. రెండోది జూన్‌లో బడ్జెట్ కోతలో హోల్డ్‌లోకి పోయింది. పోస్టింగ్ పెట్టిన రిక్రూటర్ కంపెనీ మారిపోయింది. రిన్యూవల్ మాత్రం ఆటోమేటిక్‌గా జరుగుతోంది.

అంటే అన్న జూలైలో గంట కూర్చుని ఫారం నింపే సమయానికే ఆ ఇల్లు లేదు. అతని రెజ్యూమేని ఎవరూ తిరస్కరించలేదు, అసలు ఎవరూ తెరవలేదు.

ఈ విషయం మీద నాకింత పట్టుదల ఎందుకంటే, ఆ ఏడు నెలల్లో ఏం జరిగిందో నేను పక్కనుండి చూశాను. జవాబు రానప్పుడల్లా అన్న రెజ్యూమే మార్చాడు, నాలుగుసార్లు. ‘ఏటీఎస్ ఫ్రెండ్లీ’ టెంప్లేట్ కొన్నాడు. ఎంబెడెడ్ అంటే ప్రాణం పెట్టేవాడు, ఆ ప్రాజెక్టులన్నీ కిందకి తోసేసి తనకి ఇష్టం లేని ఫుల్‌స్టాక్ కోర్సుకి ఇంట్లో అడిగి డబ్బు కట్టాడు. “నాలోనే ఏదో తక్కువుంది రా, లేకపోతే ఒక్కరైనా పిలవరా” అనేవాడు. ల్యాబ్‌లో వైరు ఊడిపోయిన సెన్సార్ సున్నా చూపిస్తే మనం ఆ సున్నాని రీడింగ్‌గా రాసుకుని సర్క్యూట్ మొత్తం మార్చం కదా. ముందు వైరు చూస్తాం. ఘోస్ట్ పోస్టింగ్ నుంచి వచ్చే నిశ్శబ్దం వైరు ఊడిన సున్నా. దాన్నిబట్టి మన బతుకుని రీడిజైన్ చేసుకోకూడదు.

అన్న పంపిన అప్లికేషన్లన్నీ ఘోస్టులకే పోయాయని నేననడం లేదు. కొన్ని నిజమైన తిరస్కారాలే అయ్యుంటాయి. వాటి నుంచి నేర్చుకోవాల్సింది నేర్చుకోవాలి కూడా. కానీ ఏది తిరస్కారమో, ఏది ఖాళీ ఇల్లో విడదియ్యకుండా అన్నీ కలిపి ‘నన్ను ఎవరూ వద్దన్నారు’ అని లెక్కేసుకోవడం తప్పు లెక్క.

హెచ్‌ఆర్ వైపు నుంచి ఒక వాదన ఉంది, అది పూర్తిగా కొట్టిపారెయ్యదగ్గది కాదు. “బడ్జెట్ వచ్చాక అప్పుడు పోస్టింగ్ పెడితే మనిషి దొరికేసరికి రెండు నెలలు పోతాయి. ముందే రెజ్యూమేలు ఉంటే వారంలో పిలవగలం, దానివల్ల లాభం మీకే కదా” అంటారు. ఒప్పుకుంటాను. అలాగైతే ఆ మాట పోస్టింగ్‌లో రాయండి. ‘ఇప్పుడు ఖాళీ లేదు, భవిష్యత్తు కోసం రెజ్యూమేలు తీసుకుంటున్నాం’ అని ఒక్క లైను. కొన్ని కంపెనీలు నిజాయితీగా `Talent Community` అనో `Future Openings` అనో రాస్తున్నాయి కూడా. అలాంటిదానికి నేను రెండు నిమిషాల్లో పాత రెజ్యూమే పంపి మర్చిపోతాను, బాధ ఉండదు. లేని ఖాళీకి ‘ఇమీడియట్ జాయినర్’ అని రాయడంతోనే నా పేచీ.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో 2026 జనవరి 1 నుంచి ఇది చట్టం. 25 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థ బహిరంగంగా ఉద్యోగ ప్రకటన ఇస్తే, అది ఇప్పుడున్న ఖాళీ కోసమా కాదా అన్నది ప్రకటనలోనే చెప్పాలి. ఇంటర్వ్యూ చేసినవాళ్లకి 45 రోజుల్లోపు నిర్ణయం సంగతి తెలియజెయ్యాలి. మన సీనియర్లలో టొరంటో వైపు వెళ్లినవాళ్లు ఉన్నారు, వాళ్లు చూసే పోస్టింగుల్లో ఆ లైను ఉండాలి. హైదరాబాద్‌లో మనం చూసేవాటిలో కూడా ఉండాలని అడగడంలో తప్పేముంది? చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మన క్యాంపస్‌కి వచ్చే కంపెనీలని ప్లేస్‌మెంట్ సెల్ ఎన్నో వివరాలు అడుగుతుంది. మీ కెరీర్ పేజీలో ఫ్రెషర్లకి తెరిచి ఉన్నవాటిలో ఎన్నింటికి నిజంగా సీట్లున్నాయి అన్నది కూడా వాటిలో చేర్చొచ్చు.

మన చేతిలో ఉన్న పని ఇంకొకటి ఉంది. ఒక్కడి దగ్గర ఉన్న నిశ్శబ్దం దేనికీ రుజువు కాదు, ఐదుగురి నిశ్శబ్దం పక్కపక్కన పెడితే రుజువు అవుతుంది. ఆ ఐదుగురూ ఒకే హాస్టల్‌లో చదువుకుని కూడా, అందరూ అదే నంబరుకి అప్లై చేశారని ఫిబ్రవరి దాకా ఒకరికొకరికి తెలియదు. ఎవరికి వాళ్లు ‘నాకే రాలేదు’ అనుకున్నారు. అందుకని మా క్లాసులో ఒక షీట్ మొదలుపెట్టాం. అందులో ఐదే కాలమ్‌లు: రిక్విజిషన్ నంబరు, కోడ్‌లో కనిపించిన తేదీ, అప్లై చేసిన తేదీ, చివరి జవాబు, ఆ హోదాలో ఈ మధ్య ఎవరైనా చేరారా. దీన్ని బయట పోస్ట్ చేసి కంపెనీలని తిట్టడానికి కాదు, ఎందుకంటే ఏ ఒక్క గుర్తూ పూర్తి రుజువు కాదు. రెండు వేర్వేరు రకాల గుర్తులు, అంటే తేదీ ఒకటి, మనుషులు ఒకటి, ఒకే వైపు చూపిస్తే ఆ పోస్టింగ్‌కి మా దగ్గర ఉన్న మామూలు రెజ్యూమే పంపి వదిలేస్తాం. కవర్ లెటర్లూ, గంటల కొద్దీ ఫారాలూ మిగతావాటికి దాచుకుంటాం.

షీట్ లింకు మన క్లబ్ గ్రూపులో పెట్టాను. మీ బ్రాంచి వేరైనా పర్లేదు, అప్లై చేసిన ప్రతిసారీ ఒక వరస నింపండి. జవాబు రాకపోయినా సరే నింపండి. నిజానికి జవాబు రానివే ఎక్కువ అవసరం.